రాతి మీద ఉన్నది ఆమె కాదు

సమాధి రాతి మీద ఉన్న ఆవిడ అతని భార్య కాదు. ఆ బొమ్మ చేసింది భార్య సొంత తమ్ముడు. చూసి బాగుందని సంతకం పెట్టింది అతను. మొదటి మాట ఒక్కసారి, కూతురికి చెప్పాడు. మూడోది మింగేశాడు.

అతన్ని అందరూ టచప్ మాస్టారనేవారు. ఐదో తరగతితో పల్లెబడి వదిలి, పదమూడేళ్ళకు మామగారి ఫొటో స్టూడియోలో ముందుగది ఊడవడానికి చేరినవాడు, ముప్పై ఏళ్ళకు ఆ స్టూడియోకే చెయ్యీ కన్నూ అయ్యాడు. వెనకగదిలో ఏటవాలు బల్ల, దానికి గరుకు గాజు, గాజు వెనక దీపం. నెగిటివ్‌ను గాజు మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముడతల మీద చుక్కలు పెట్టేవాడు. నెగిటివ్ మీద నల్లబడ్డ చోట ప్రింటులో తెల్లబడుతుంది, ముడత తేలిపోతుంది. అంతే విద్య. దానికి ఒకే నియమం పెట్టుకున్నాడు. వచ్చిపోయేది తీయొచ్చు, ఉండిపోయేది తీయకూడదు. మొటిమ పోతుంది, తీసెయ్. పుట్టుమచ్చ ఉంటుంది, ముట్టుకోకు.

బావమరిదికి ఆ పని నేర్పింది అతనే. తల మీద రెండు మొట్టి నేర్పాడు. తర్వాత ఫిలిం పోయింది, బల్ల అటకెక్కింది, కంప్యూటర్ వచ్చింది, స్టూడియో బావమరిది చేతికి వెళ్ళింది. అతను ఇంట్లో కూర్చున్నాడు.

భార్య ఆసుపత్రి బట్టల గదిలో పనిచేసేది. రోజుకి మూడు వందల దుప్పట్లు మడతపెట్టేది.

"మీరు ముఖాలు ఇస్త్రీ చేస్తారు, నేను దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. నా పనే నయం, దుప్పటి మళ్ళీ వచ్చి ముక్కు బాలేదని గొడవ పెట్టుకోదు," అనేది.

ఫొటో అంటే మాత్రం పారిపోయేది. చిన్నప్పటి జ్వరానికి ఎడమ కంటి రెప్ప కొంచెం వాలిపోయింది. నవ్వితే పైవరసలో ఒక పన్ను పక్కదాని మీదికెక్కి కింది పెదవిని తాకేది. పెళ్ళి ఫొటోలో తల దించేసింది. ఒకసారి, కొత్తలో, అతనే అడిగాడు.

"కూర్చో. తీశాక ఆ రెప్పకి రెండు చుక్కలు పెడతాను, ఎవరికీ తెలీదు."

"రెప్ప ఎత్తేస్తే నేనెందుకు, పక్కింటావిడ ఫొటో తగిలించుకోండి," అంది.

ఇంకెప్పుడూ అడగలేదు.

ఆమె పోయాక ఇల్లంతా వెతికితే నిటారుగా తల ఎత్తిన ఫొటో ఒక్కటే దొరికింది. బట్టల గదిలో ఎవరికో పదవీ విరమణ రోజున పదిమంది నిలబడి ఫోనులో తీయించుకున్నది. అందులో ఆమె ముఖం చిటికెనవేలి గోరంత. పక్కనున్న మనిషి చెయ్యి ఆమె భుజం మీదుగా వచ్చి, వేళ్ళు దవడ దగ్గర ఆగాయి. కూతురు దాన్ని తన ఫోన్లోంచి మేనమామకు పంపింది. రాతి మీద చెక్కించడానికి పెద్ద బొమ్మ కావాలంది. ఆ తర్వాత వారానికే కూతురి ఫోను నీళ్ళలో పడింది. ఫొటో మేనమామ దగ్గర భద్రంగా ఉంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పది రోజులకు రాళ్ళు చెక్కేచోట నమూనా కాగితం చూపించారు. నల్లరాతి పొడి పట్టిన రేకుల షెడ్డు, మధ్యలో అరిగిపోయిన బల్ల. దాని మీద కాగితం పరిచాడు బావమరిది.

"ఎలా ఉంది బావా?"

మాస్టారు చూశాడు. చివరి నాలుగు నెలలూ మంచం మీద ఎండిపోయిన ముఖమే అతని కళ్ళలో ఉంది. కాగితం మీది ముఖం నిండుగా ఉంది. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. బుగ్గ నునుపుగా ఉంది. రెండు కళ్ళూ తేటగా తనవైపే చూస్తున్నాయి. జబ్బు ఎక్కడా లేదు. అతనికి కావలసింది అదే. రాళ్ళాయన పెన్ను అందించాడు. అక్షరాలు చెక్కడానికి ముందు ఇంటివాళ్ళ సంతకం తీసుకోవడం ఆయన అలవాటు, తర్వాత పేచీ రాకుండా.

"బాగుంది" అని రాసి సంతకం పెట్టాడు.

రాయి నిలబెట్టారు. చుట్టాలొచ్చి చూసి, కళ్ళు తుడుచుకుని, ఎంత కళగా వచ్చిందో అన్నారు. బావమరిది నెత్తి మీద కిరీటం పెట్టినట్టు నడిచాడు. మాస్టారు ప్రతి ఆదివారం వెళ్ళి రాతి ముందు అరగంట కూర్చుని వచ్చేవాడు. కాగితం నమూనా ఇంట్లో గోడకు అంటించుకున్నాడు. పొద్దున లేస్తే అదే, పడుకోబోతే అదే.

ఐదో నెలలో బట్టల గది పెద్దమ్మ రాయి చూడటానికి వచ్చింది. భార్యకు పై అధికారి, ఇరవై ఏళ్ళు పక్కపక్కనే దుప్పట్లు మడిచిన మనిషి. మోకాళ్ళు పట్టుకుని నిదానంగా నడిచి వచ్చి, రాతిని కాసేపు చూసి, అమాయకంగా అడిగింది.

"పన్ను ఎప్పుడు కట్టించుకుందండీ? నాకు చెప్పనే లేదే."

"ఏ పన్ను?" అన్నాడు మాస్టారు.

"అదేనండీ. ఎక్కిన పన్ను."

అతను నోరు తెరిచాడు. కుడివైపుదా, ఎడమవైపుదా, చెప్పలేకపోయాడు. కళ్ళు మూసుకుని భార్యను తెచ్చుకోబోయాడు. రాతి మీది ఆవిడ వచ్చింది, పళ్ళు వరసగా పెట్టుకుని. వాలిన రెప్ప ఎటువైపో కూడా ఒక్క క్షణం తట్టలేదు. ముప్పై ఆరేళ్ళు ఎదురుగా కూర్చుని అన్నం తిన్న ముఖం. ఐదు నెలల్లో ఎవరో వచ్చి ఆ పీట మీద కూర్చున్నారు. తనే ఆ పీట వేశాడు.

"ఆ రోజు తీసిన ఫొటో నా ఫోన్లో ఉందండీ," అంది పెద్దమ్మ, అతని ముఖం చూసి భయపడి. "మా గదిలో అందరం ఉన్నది. నేనే తీయించాను."

"ఇప్పుడు ఉందా?"

"చార్జింగ్‌లో పెట్టి వచ్చాను. గదికి రండి."

బట్టల గది ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. ఆవిరి, సబ్బు వాసన, చక్రాల బండ్ల మీద తెల్లగుట్టలు. గోడ పక్కన భార్య కూర్చునే కుర్చీలో ఇప్పుడు ఇంకొకావిడ కూర్చుంది. పెద్దమ్మ ఫోను చేతికిచ్చింది. మాస్టారు రెండు వేళ్ళతో సాగదీశాడు. ముఖం చదరాలు చదరాలుగా విడిపోయింది. పళ్ళ దగ్గర రెండు మసక చుక్కలు, ఎడమ కన్ను దగ్గర కొంచెం చీకటి. అంతే ఉంది. అయినా ఆ చీకటి కిందికి వాలి ఉంది. అతను ఫోను వెనక్కిచ్చాడు. పక్కన యంత్రం దుప్పట్లు తిప్పుతూనే ఉంది.

"దీన్ని పంపేటప్పుడు చాట్‌లో మామూలు ఫొటోలా పంపకండి. చిన్నదైపోతుంది. ఫైలుగా పంపండి," అన్నాడు. ఆ మాట ఎక్కడో విని గుర్తుపెట్టుకున్నాడు. అది తెలిసినవాడికి రాతి మీది ముఖం భార్యది కాదని ఎందుకు తెలీలేదని తనను తాను అడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళాడు. ముందుగదిలో పాస్‌పోర్టు ఫొటోల తెర, వెనకగదిలో తన బల్ల ఉండేచోట రెండు మానిటర్లు. బావమరిది టీ తాగుతున్నాడు.

"రా బావా, టీ చెప్పనా?"

"మీ అక్క ఫొటో ఒరిజినల్ ఏది?"

"రాతి మీద చూడట్లేదా?"

"అమ్మాయి పంపినది."

బావమరిది కప్పు కింద పెట్టాడు. "అదే ఫైలు మీద సేవ్ అయిపోయింది బావా. చేసుకుంటూ పోయాను. చివరిదే మిగిలింది."

"నెగిటివ్ మీద నేరుగా గీసేవాడికి మొట్టికాయ పడేది, గుర్తుందా?"

"అప్పుడు నెగిటివ్ ఒకటే ఉండేది బావా."

"ఇప్పుడూ ఒకటే ఉంది. నువ్వు చెరిపింది."

మాస్టారు పెద్దమ్మ పంపిన ఫైలు అతని ముందు పెట్టాడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"నా ముందు మళ్ళీ చెయ్. అప్పుడు ఎలా చేశావో అదే వరసలో. ఈసారి ప్రతి మెట్టూ విడిగా దాచు."

"అక్క ఫొటో చెడగొట్టానంటావా?"

"చెయ్."

బావమరిది మొదట చెయ్యి తీయించాడు. భుజం మీది చెయ్యి తీసెయ్, వెనక గోడ సాదాగా ఉంచు అని కంప్యూటర్లో బొమ్మలు గీసే ఏఐకి మాటల్లో రాశాడు. నిమిషంలో చెయ్యి పోయింది, దవడ పూర్తయింది, గోడ శుభ్రమైంది.

"చూశావా. చెయ్యి తప్ప ఏదీ ముట్టుకోలేదు."

"రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టు. ఒరిజినల్ కింద, ఇది పైన. మార్చి మార్చి చూపించు."

బావమరిది పై పొరను ఆర్పి వెలిగించాడు. ఆర్పి వెలిగించాడు. మాస్టారి వేలు తెర మీదికి వెళ్ళింది.

ముఖం ఊపిరి పీల్చినట్టు కదులుతోంది. చెయ్యికి జానెడు దూరంలో ఉన్న రెప్ప వెంట్రుకంత పైకి లేచింది. పెదవి కొస కొంచెం సర్దుకుంది.

"చెయ్యి తీయమంటే ఇది ముఖం ఎందుకు ముట్టుకుంది?"

బావమరిది మెడ గోక్కున్నాడు. "ఒక్క చెయ్యినే గీయదు బావా. నేను చోటు గుర్తుపెట్టి ఇవ్వలేదు కదా. బొమ్మ మొత్తాన్ని లోపలికి తీసుకుని మళ్ళీ కొత్తగా గీసి ఇస్తుంది. చాలావరకు అలానే వస్తుంది."

"చాలావరకు."

"పెద్ద ముఖమైతే తెలీదు. ఇది గోరంత ముఖం. ఇందులో రెప్ప అంటే నాలుగు చుక్కలు. ఒక చుక్క జరిగితే…"

"రెండోది చెయ్."

రెండోది ముఖాన్ని స్పష్టం చేసే మీట. నొక్కగానే మసక పోయింది. కళ్ళు రెండూ జతగా తెరుచుకున్నాయి. పళ్ళు వరసగా నిలబడ్డాయి. పొరను ఆర్పి వెలిగించడం కూడా అవసరం లేకపోయింది.

మాస్టారు నెమ్మదిగా అన్నాడు, పాఠం ఒప్పజెప్పినట్టు.

"దానికి మీ అక్క తెలీదు. లక్ష ముఖాలు చూసి ఉంటుంది. రెండు మసక చుక్కలు కనబడ్డాయి. ఇలాంటి చోట మనుషులకు మామూలుగా ఏముంటాయి? తిన్నని పళ్ళు. అవి పెట్టింది. పైగా నువ్వు దానికి ఒరిజినల్ ఇవ్వలేదు. అప్పటికే రెప్ప లేచిన ముఖం ఇచ్చావు. ఆ పొరపాటునే నిజమనుకుని నగిషీ చెక్కింది. మసగ్గా ఉంటే మనకు అనుమానమైనా వచ్చేది. తళతళలాడేసరికి నోళ్ళు మూసుకున్నాం."

"మూడోది కూడా చేయనా?"

"చెయ్."

మూడోది నాలుగింతలు పెద్దది చేసేది. ఇది కూడా ఊహించే రకమే. చర్మానికి రంధ్రాలు వచ్చాయి, ఎవరికీ లేని రెప్పవెంట్రుకలు వచ్చాయి. తెర నిండా ఒక స్త్రీ. బావమరిది రాతి ఫైలు పక్కన తెరిచాడు. రెండూ చూసి ఇద్దరూ ఆగిపోయారు. అదే ఫొటో, అవే మీటలు, అదే వరస. కానీ ఈమె రాతి మీది ఆవిడ కూడా కాదు. ముక్కు కొంచెం సన్నం. గడ్డం వేరు. అక్కాచెల్లెళ్ళనుకోవచ్చు.

"ప్రతిసారీ కొంచెం వేరేలా ఇస్తుంది బావా," అన్నాడు బావమరిది గొంతు తగ్గించి.

"అంటే ఇంకోసారి నొక్కితే ఇంకో చెల్లెలు."

బావమరిది నవ్వబోయి మానుకున్నాడు. "నేను తమ్ముణ్ణి. నాకెందుకు తెలీలేదు?"

మాస్టారు కుర్చీ ముందుకు జరిపాడు. ఆ ప్రశ్న తన మీదికి తిరిగేలోపు పనిలోకి దిగాడు.

"ఒరిజినల్‌ని విడిగా దాచి తాళం వెయ్. ఇంకెవరూ దాని మీద సేవ్ చేయకూడదు. నకలు తియ్."

తీశాడు.

"ముందు ఈ నకలు మీదే ఫొటోలోని రంగు చుక్కలు, గరుకు కొంచెం తగ్గించు. పెద్దది చెయ్యాలంటే ఇప్పుడే చెయ్. ఊహించేది వద్దు. ఉన్న చుక్కల్నే లెక్క ప్రకారం సాగదీసేది ఉంటుంది కదా, అది. రెండింతలు చాలు."

"మసగ్గానే ఉంటుంది."

"ఉండనీ. ఇప్పుడు చెయ్యి ఉన్న ముక్క ఒక్కటే గీత గీసి గుర్తుపెట్టు. ముఖం గీత లోపలికి రాకూడదు."

"వేళ్ళు దవడని తాకుతున్నాయి."

"తాకేచోట వదిలెయ్. అది నేను చేత్తో చేస్తాను."

యంత్రం భుజాన్ని, గోడను ఇచ్చింది. మాస్టారు ఆపాడు.

"అది ఇచ్చిన మొత్తం బొమ్మని నమ్మకు. అందులోంచి భుజం ముక్క మాత్రం కోసి మన నకలు మీద అతికించు. పైన మన నకలులోని ముఖమే మళ్ళీ పరుచు. ఇప్పుడు ఆర్పి వెలిగించు."

ఆర్పి వెలిగించాడు. భుజం మారింది. ముఖం కదల్లేదు. ఒక్క చుక్క కదల్లేదు.

"ముఖం స్పష్టం చేసేది ఇక వాడకూడదా బావా? గిరాకీ వాళ్ళు అడుగుతారు. మసగ్గా ఇస్తే డబ్బులివ్వరు."

"వాడాల్సి వస్తే మొదట్లో వాడు. ఒరిజినల్ మీద, వేరే పొరలో. బలం తగ్గించి, కింది ముఖం కనబడేలా కలుపు. గీసే పని అయిపోయాక దాని మీద మాత్రం వాడకు. ప్రతి మెట్టుకీ ఒరిజినల్ పక్కన పెట్టి చూడు. కనుబొమ, రెప్ప, పన్ను, మచ్చ, ఒక్కొక్కటీ. ఆఖర్న ఆ మనిషి తెలిసినవాడికి రెండూ చూపించు. కొత్తది ఒక్కటే చూపించకు."

"తెలిసినవాడికే కదా చూపించాను. నీకు," అన్నాడు బావమరిది.

కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందంటారు. ఉండిపోయేది తీయకూడదని ముప్పై ఏళ్ళు ఊరందరికీ చెప్పినవాడు, తన ఇంటి మనిషి రెప్ప ఎత్తేస్తే బాగుందని రాసిచ్చాడు. ఆ నమూనా పక్కన గోరంత ఒరిజినల్ పెట్టమని అడిగి ఉంటే చాలు. అడగలేదు. అడగాలనిపించలేదు.

దవడ దగ్గరి మూడు వేళ్ళను మౌస్‌తో అతనే తీశాడు. చేతికి అలవాటు లేదు, గంటన్నర పట్టింది. ముఖం నీడను ముట్టుకోలేదు. అరచేతి మేర ప్రింటు తీయించాడు. అంతకు మించి ఆ ఫొటో తట్టుకోదు. ప్రింటులో ఆమె మసగ్గా, కొంచెం నవ్వుతూ, ఎడమ రెప్ప వాల్చి నిలబడి ఉంది.

"ఇంకొంచెం స్పష్టంగా…" అన్నాడు బావమరిది.

"మసగ్గా ఉన్నా మీ అక్కే."

అక్కడినుంచి రాళ్ళ షెడ్డుకు వెళ్ళాడు. రాళ్ళాయన బొమ్మ అందుకుని, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"పై పొర అరగదీసి మళ్ళీ చెక్కొచ్చు మాస్టారూ. కానీ ఇంత మసక రాతి మీద నిలవదు. బూడిద పూసినట్టుంటుంది. పైగా…" ఆయన సొరుగులోంచి పాత నమూనా కాగితం తీశాడు. కింద అతని చేతిరాత. బాగుంది. సంతకం. "మిమ్మల్ని అనట్లేదు. నా అలవాటు చెబుతున్నా."

మాస్టారు ఆ కాగితాన్ని కళ్ళతో కూడా తాకకుండా బయటికి వచ్చాడు.

సాయంత్రం కూతురింటికి వెళ్ళాడు. అరగదీయించి, బొమ్మ లేకుండా పేరు మాత్రం ఉంచుదామన్నాడు. కూతురు బట్టలు మడుస్తోంది, అచ్చం తల్లిలా, రెండు కొసలూ గడ్డం కింద పట్టి.

"ఎందుకు నాన్నా ఇప్పుడు? అందరూ చూసేశారు. పాప ఆ రాతినే అమ్మమ్మ అంటోంది. ఏడుస్తుంది తీసేస్తే."

"అది మీ అమ్మ కాదు."

"కొంచెం బాగా వచ్చింది, అంతే. అమ్మకి ఆ పన్ను ఎంత బాధో మీకు తెలీదా? ఉన్నప్పుడు తీరలేదు. ఇప్పుడు తీరిందనుకోండి."

అతను చొక్కా జేబులోంచి ప్రింటు తీసి మడతల మీద పెట్టాడు. కూతురు చేతిలో దుప్పటి ఆపి వంగి చూసింది. చాలాసేపు చూసింది. కొత్తవాళ్ళను చూసినట్టు చూసింది.

"మసగ్గా ఉంది," అంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది, "కన్ను ఇలా ఉండేదా నాన్నా?"

అతనికి కోపం రావాలి. రాలేదు. అదే ప్రశ్న నిన్న తనకు తానే వేసుకున్నాడు. పెద్దమ్మ ఫోను చూసేదాకా జవాబు తన దగ్గరా లేదు. ఇప్పుడు ఆ జవాబు ఈ అరచేతి ముక్క ఒక్కటే. అతను పోతే అది కూడా ఎవరో ముసలావిడ మసక ఫొటో. రాయి మాత్రం ఉంటుంది, ముత్యాల్లాంటి పళ్ళతో, మనవరాలి పిల్లలు వచ్చి చూసినా.

ప్రింటు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఉండేది," అన్నాడు.

"అయితే మామయ్యతో మాట్లాడి ఇంకోసారి బొమ్మ చేయించి…"

"ఒద్దు. ఇంకోసారంటే ఇంకొకావిడ వస్తుంది. రాయిని అలాగే ఉండనీ." చెప్పులు వేసుకున్నాడు. "మీ మామయ్యతో కూడా చెప్పు. ఈ మాట ఇంక నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఇంటికొచ్చి గోడ మీది నమూనా కాగితాన్ని చింపకుండా ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, బొమ్మ లోపలికి పోయేలా సొరుగు అడుగున వేశాడు. ఆదివారాలు రాతి దగ్గరికి వెళ్ళడం మానేశాడు. ఎందుకు రావట్లేదని చుట్టాలడిగారు. మోకాళ్ళ నొప్పి అన్నాడు. అక్క మీద అలిగావా బావా అని బావమరిది ఒకసారి ఫోనులో అడగబోయాడు. మాస్టారు ఫోను పెట్టేశాడు. తర్వాత ఎవరెన్నిసార్లు అడిగినా ఆ సంగతి మాట్లాడలేదు.